బ్రేకవుట్ క్యాండిల్‌ని చదవడం: వాల్యూమ్, క్లోజ్, ఆ తర్వాతి రోజు

ప్రశ్న: అన్నా, బిట్‌కాయిన్, సోలానా 15 నిమిషాల చార్టు చూసి ట్రేడ్ చేస్తున్నాను. రెసిస్టెన్స్ లైన్ దాటగానే కొంటాను, కాసేపటికే ధర మళ్ళీ లైన్ కిందికి వచ్చేస్తుంది. వాల్యూమ్ పెరిగితే నిజమైన బ్రేకవుట్ అంటారు. నేను ఇరుక్కున్న ప్రతిసారీ వాల్యూమ్ బార్ పొడుగ్గానే ఉంది. మరి దేన్ని నమ్మాలి?

జవాబు:

తమ్ముడూ, నువ్వు చూసిన వాల్యూమ్ అబద్ధం కాదు. క్యాండిల్ ఇంకా నడుస్తుండగానే దాన్ని చూసి, అదంతా కొనేవాళ్ళ బలమే అనుకున్నావు. చిక్కు అక్కడ వచ్చింది. వాల్యూమ్ బార్ చెప్పేది ఒక్కటే: ఆ సమయంలో ఎన్ని కాయిన్లు చేతులు మారాయో. కొన్న ప్రతి కాయిన్‌కీ అమ్మినవాడు ఒకడుంటాడు. గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు విపరీతంగా అమ్ముడైన రోజే ధర పడిపోవచ్చు, ఇదీ అలాంటిదే. బార్ పచ్చగా ఉన్నా దానికి వేరే అర్థమేమీ లేదు. క్యాండిల్ క్లోజ్ ఓపెన్ కంటే పైన ఉంటే పచ్చ, కింద ఉంటే ఎరుపు. మామూలు సెట్టింగులో ఆ రంగు వచ్చేది అంతమాత్రం నుంచే.

రెసిస్టెన్స్ లైన్ పైన వాల్యూమ్ ఎందుకు ఉబ్బుతుందో ముందు చూద్దాం. ఒక ధర దగ్గర కాయిన్ రెండు మూడుసార్లు ఆగి వెనక్కి తిరిగిందనుకో. అక్కడ షార్ట్ చేసినవాళ్ళందరూ స్టాప్ లాస్‌ని ఆ ధరకి కాస్త పైనే పెట్టుకుంటారు. షార్ట్‌కి స్టాప్ లాస్ అంటే కొనుగోలు ఆర్డరే. నీలాగా లైన్ దాటగానే కొందామని కాచుకున్నవాళ్ళ ఆర్డర్లు కూడా అక్కడే ఉంటాయి. లెవరేజ్‌తో షార్ట్ చేసినవాళ్ళు లిక్విడేట్ అయితే ఎక్స్ఛేంజే వాళ్ళ తరఫున కొని ఖాతా మూసేస్తుంది, అదీ కొనుగోలే. అంటే ధర లైన్‌ని తాకి రవ్వంత పైకి వెళ్తే చాలు, ఎవరూ ప్రత్యేకంగా మనసు పడి కొనకపోయినా కొనుగోలు ఆర్డర్లు గుంపుగా పేలతాయి. వాల్యూమ్ బార్ ఒక్కసారిగా లేస్తుంది.

ఇప్పుడు పెద్ద మొత్తంలో కాయిన్లు అమ్మాల్సినవాడి వైపు నుంచి చూడు. మామూలు సమయంలో అంత సరుకు మార్కెట్లో పారేస్తే ధర వాడి మీదే పడుతుంది. అన్ని కొనుగోళ్ళు ఒకేచోట దొరికే తావు వాడికి ఆ లైన్ పైనే. అక్కడ వాడు నింపాదిగా అమ్ముకుంటాడు. అందుకే మోసపు బ్రేకవుట్‌లో కూడా, కొన్నిసార్లు అందులోనే ఎక్కువగా, వాల్యూమ్ కనిపిస్తుంది. ఆ కొనుగోళ్ళన్నీ అయిపోయాక ధర ఎక్కడ మిగిలిందన్నది తేల్చేది క్లోజ్. వాల్యూమ్‌ని ఖర్చయిన బలంగా, క్లోజ్‌ని దానికి వచ్చిన ఫలితంగా చదవడం పాతకాలపు అమెరికా స్టాక్ ట్రేడర్ వైకాఫ్ నుంచీ ఉన్న పద్ధతి. కాయిన్ చార్టులకీ అది బాగానే అతుకుతుంది.

బిట్‌కాయిన్ 2024 డైలీ చార్టు తెరిచి పెట్టుకో. ఒకే చార్టులో మూడు రకాల బ్రేకవుట్లు దొరుకుతాయి: అదే రోజు ఓడినది, కొద్ది రోజులకి ఓడినది, నిలబడినది. నేను చెప్పే ధరలు ఉజ్జాయింపుగా, డాలర్లలో ఉన్నాయి, ఎక్స్ఛేంజ్‌ని బట్టి కొద్దిగా అటూ ఇటూ ఉంటాయి.

2021 నవంబర్ 10న బిట్‌కాయిన్ 69,000 దగ్గరి దాకా వెళ్ళి పడింది. రెండేళ్ళకు పైగా అందరి చార్టుల్లోనూ అదే గీత. 2024 జనవరిలో అమెరికాలో స్పాట్ ఈటీఎఫ్‌లు మొదలయ్యాయి, ఫిబ్రవరి మొదట్లో 43,000 ప్రాంతంలో ఉన్న ధర మార్చి 5కల్లా ఆ గీతని తాకింది. మన సమయం ప్రకారం రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో 69,000 దాటి, దాదాపు 69,200 చూసింది. కొత్త రికార్డు అని వార్తలు వచ్చాయి. వాల్యూమ్ కూడా అదిరిపోయింది. ఆ సమయంలో 15 నిమిషాల చార్టు చూస్తున్నవాడికి లోటేమీ కనిపించదు: లైన్ దాటింది, బార్ పొడుగ్గా ఉంది. అక్కడి నుంచి కొద్ది గంటల్లోనే ధర 59,300 దాకా జారింది. రోజు ముగిసేసరికి 63,800. ఆ డైలీ వాల్యూమ్ బార్ అంతకు ముందు చాలా నెలల్లో కనిపించిన పెద్ద బార్లలో ఒకటి.

ఈ క్యాండిల్ చెప్పేది తేటగానే ఉంది. చాలా పెద్ద వాల్యూమ్, క్లోజ్ లైన్‌కి 5,000 డాలర్ల కింద, పైన విక్. అక్కడ పెద్ద ఎత్తున అమ్మకందారులు కూర్చుని ఉన్నారు, వచ్చిన కొనుగోళ్ళన్నిటినీ మింగేశారు. 69,000లో కొన్నవాడు రోజు చివరికి ఏడున్నర శాతం నష్టంలో ఉన్నాడు, మధ్యలో పద్నాలుగు శాతం చూశాడు. పది రెట్ల లెవరేజ్ తీసుకున్నవాడి ఖాతా మధ్యలోనే అయిపోయింది. డైలీ క్లోజ్ కోసం ఆగినవాడు మాత్రం ఆ రోజు కొననే లేదు.

ఏ క్యాండిల్ క్లోజ్ చూడాలన్నది తర్వాతి మాట. నీ ఇబ్బందిలో సగం ఇక్కడే ఉందని నా అనుమానం. లైన్ ఏ చార్టులో పుట్టిందో ఆ చార్టు క్లోజే చూడాలి. నెలల తరబడి ఏర్పడిన రెసిస్టెన్స్‌కి 15 నిమిషాల క్లోజ్ సాక్ష్యం కాదు, అలాంటి క్లోజులు రోజుకి 96 వస్తాయి. రెండు మూడు రోజుల్లో ఏర్పడిన లైనైతే 4 గంటల క్లోజ్ సరిపోతుంది. వారాలు, నెలలైతే డైలీ. కాయిన్లకి స్టాక్ మార్కెట్‌లా మూసే గంట లేదు కాబట్టి చార్టు అంతా యూటీసీ సమయం మీద నడుస్తుంది. డైలీ క్యాండిల్ మనకి ఉదయం 5:30కి ముగుస్తుంది. 4 గంటల క్యాండిళ్ళు 5:30, 9:30, మధ్యాహ్నం 1:30, సాయంత్రం 5:30, రాత్రి 9:30, 1:30కి. వీక్లీ క్లోజ్ సోమవారం పొద్దున 5:30కి. ట్రేడింగ్‌వ్యూలో సమయాన్ని కోల్‌కతాకి మార్చుకున్నా క్యాండిల్ ముగిసే క్షణం మారదు, కింద కనిపించే అంకె మాత్రమే మారుతుంది. ఒకటి గమనించు, రాత్రి పదింటికి నువ్వు చూసే డైలీ క్యాండిల్‌కి ఇంకా ఏడున్నర గంటల ఆయుష్షు ఉంది. మార్చి 5న పతనంలో చాలా భాగం సరిగ్గా ఆ గంటల్లోనే జరిగింది, అమెరికా వాళ్ళకి అది పగలు కదా.

క్లోజ్ లైన్ పైన ఉంటే చాలదు, క్యాండిల్ మొత్తంలో ఎంత ఎత్తున ఉందో కూడా చూడాలి. దీనికి కంటి అంచనా చాలు. లెక్క కావాలంటే ఇది:

```
(close - low) / (high - low)
```

జవాబు 1కి దగ్గరగా ఉంటే క్యాండిల్ తన గరిష్ఠం దగ్గరే ముగిసింది, 0కి దగ్గరగా ఉంటే అట్టడుగున. మార్చి 5కి ఈ లెక్క వేస్తే, 63,800 లోంచి 59,300 తీసేస్తే 4,500. 69,200 లోంచి 59,300 తీసేస్తే 9,900. భాగిస్తే 0.45. లైన్ పైన క్లోజ్ అయినా ఈ అంకె 0.5 కంటే తక్కువ ఉంటే నాకు నచ్చదు, ఎందుకంటే పైకి వెళ్ళినంతలో సగానికి పైగా అమ్మకందారులు వెనక్కి లాగేశారని అర్థం. 0.7 పైన ఉంటే ఆలోచిస్తాను. ఇవి నేను వాడుకునే అంకెలు, శాస్త్రం కాదు.

లైన్ అన్నాను గానీ, దాన్ని వెంట్రుకలాంటి గీతగా అనుకోకు. పాత గరిష్ఠాల్లో విక్‌లు ఒకచోట, బాడీలు ఒకచోట ఆగి ఉంటాయి. ఎక్స్ఛేంజ్‌ల మధ్య కూడా తేడా ఉంటుంది. కింది బాడీల నుంచి పై విక్ కొస దాకా ఒక పట్టీ గీసుకో. ఆ పట్టీ పై అంచు దాటి ముగిస్తేనే క్లోజ్ పైన అయినట్టు. పట్టీ లోపల ముగిస్తే ఇంకా ఏమీ తేలలేదు.

ఇప్పుడు రెండో రకం, అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది. మార్చి 8న ధర 70,000 తాకి 68,300 దగ్గర ముగిసింది, మళ్ళీ విక్ మాత్రమే. మార్చి 11న 72,100 దగ్గర క్లోజ్ అయ్యింది, క్యాండిల్ గరిష్ఠం 72,850, కనిష్ఠం 67,200. పై లెక్కలో 0.87 వస్తుంది. అంటే క్లోజ్ పరీక్ష దర్జాగా పాసయ్యింది. మార్చి 14న 73,750 కొత్త రికార్డు. ఆ తర్వాత మార్చి 16న 65,300, 19న 62,000 లోపు క్లోజులు. లైన్ పైన వారం నిలవలేదు.

ఈ బ్రేకవుట్‌ని ముందే అనుమానించే వీలుందా? పూర్తిగా కాదు. చూడాల్సినవి మాత్రం రెండున్నాయి. ఒకటి, 11న వచ్చిన వాల్యూమ్ 5న వచ్చినదానికంటే బాగా తక్కువ. అమ్మకందారులు తమ బలం చూపించిన రోజు బార్ కంటే కొనేవాళ్ళు గెలిచామన్న రోజు బార్ పొట్టిగా ఉంది. వాల్యూమ్‌ని సగటుతోనే కాక, అదే లైన్ దగ్గర అంతకుముందు ఓడిపోయిన క్యాండిల్ వాల్యూమ్‌తో కూడా పోల్చాలి. నాకు రెండో పోలికే ఎక్కువ పనికొచ్చింది. రెండు, ధర నెల రోజుల్లో 43,000 నుంచి ఆగకుండా పరుగెత్తి లైన్‌కి చేరింది. కింద కొన్నవాళ్ళందరి చేతిలో భారీ లాభం ఉంది, వాళ్ళు ఎప్పుడైనా అమ్మగలరు. లైన్ కింద కొన్ని వారాలు నలిగి, అమ్మేవాళ్ళు అమ్ముకుని వెళ్ళిపోయాక వచ్చే బ్రేకవుట్‌కి ఈ బరువు ఉండదు.

అలాంటిది అదే ఏడాది నవంబర్‌లో వచ్చింది. మార్చిలో పెట్టిన 73,750 కొత్త లైన్ అయ్యింది. తర్వాత దాదాపు ఎనిమిది నెలలు ధర దాని కిందే తిరిగింది, ఆగస్టు 5న 49,000 ప్రాంతం దాకా కూడా పడింది. అక్టోబర్ 29న 73,600 దాకా వచ్చి 72,700 దగ్గర ముగిసింది. పట్టీలోకి వచ్చింది, పై అంచు దాటలేదు. ఆ రోజు కొనడానికి కారణం లేదు, భయపడి అమ్మేయడానికీ లేదు.

నవంబర్ 5 అమెరికా అధ్యక్ష ఎన్నిక. మనకి ఆరో తేదీ ఉదయం 5:30కి కొత్త డైలీ క్యాండిల్ మొదలయ్యేసరికి ధర 69,400. ఓట్ల లెక్కింపు సాగుతుండగానే 73,750 దాటింది. రోజు గరిష్ఠం 76,500 దగ్గర, కనిష్ఠం 69,300, క్లోజ్ 75,600. 6,300ని 7,200తో భాగిస్తే 0.87. వాల్యూమ్ ముందు రోజుకి రెండింతలకు పైనే. ఈ క్యాండిల్ క్లోజ్ అంకె మార్చి 11 నాటిదే అన్నది చూశావా? క్లోజ్ ఒక్కదాన్నే చూస్తే ఆ రెండు క్యాండిళ్ళూ కవలలు. తేడా అంతా వాల్యూమ్‌లోనూ, లైన్ కింద గడిచిన నెలల్లోనూ ఉంది.

మర్నాడు నవంబర్ 7న కనిష్ఠం 74,400 పైనే ఆగింది. పాత లైన్‌ని తాకనే లేదు. ఆ రోజు క్లోజ్ 75,900, తర్వాత రెండు రోజులు 76,500, 76,800 దగ్గర. అంటే మూడు రోజులు పెద్దగా కదల్లేదు, పడనూ లేదు. పదో తేదీ ఆదివారం 80,000 దాటింది, పదకొండున 88,000 పైన ముగిసింది. నేను ఎక్కువ విలువిచ్చేది ఆ మూడు కదలని రోజులకి. పెద్ద వాల్యూమ్‌తో పైకి వెళ్ళి, తర్వాత వాల్యూమ్ తగ్గినా ధర లైన్ పైనే నిలిచిందంటే, అమ్మడానికి తొందరపడేవాళ్ళు అక్కడ మిగల్లేదని. మోసపు బ్రేకవుట్‌లో దీనికి తలకిందులు జరుగుతుంది: తర్వాతి క్యాండిల్ లైన్ కిందికి దిగుతూ వాల్యూమ్ పెంచుకుంటుంది.

కాబట్టి నీ పద్ధతిలో మార్చాల్సింది ఇది. లైన్ దాటినప్పుడు ఏమీ చేయకు, అలర్ట్ మాత్రం పెట్టుకో. ట్రేడింగ్‌వ్యూలో అలర్ట్ పెట్టేటప్పుడు Once Per Bar Close ఎంచుకుంటే క్యాండిల్ ముగిశాకే మోగుతుంది, మధ్యలో విక్‌లకి మోగదు. క్లోజ్ పట్టీ పైన ఉండి, క్యాండిల్ పై భాగంలో ఉండి, వాల్యూమ్ గత 20 క్యాండిళ్ళ సగటుకి ఒకటిన్నర నుంచి రెండింతలు దాటితే సగం కొను. మిగతా సగం తర్వాతి క్యాండిల్ కూడా పట్టీ పైన ముగిశాక, లేదా ధర లైన్ దగ్గరికి దిగి అక్కడ తక్కువ వాల్యూమ్‌తో ఆగితే. తర్వాతి రెండు మూడు క్యాండిళ్ళలో ఏదైనా మళ్ళీ పట్టీ కింద ముగిస్తే బయటికి రా. ఆ క్లోజ్ తర్వాత ఇంకో అవకాశం ఇద్దామన్న బేరం వద్దు.

క్లోజ్ ఆధారంగా బయటికి వస్తాను కదా అని ఎక్స్ఛేంజ్‌లో స్టాప్ పెట్టకుండా ఉండొద్దు. మార్చి 5 లాంటి రోజున క్లోజ్ కోసం ఆగితే ఆ లోపే పద్నాలుగు శాతం దాకా పోవచ్చు. పట్టీకి బాగా కింద, ఈమధ్య కనిష్ఠం దగ్గర ఒక గట్టి స్టాప్ ఉండాలి, రోజువారీ నిర్ణయం మాత్రం క్లోజ్ మీద తీసుకో.

ఆగడానికి ధర చెల్లించాలి, దాచడం ఎందుకు. నవంబర్ 6న 73,750 దగ్గర కొన్నవాడికంటే క్లోజ్‌లో కొన్నవాడు 1,850 డాలర్లు ఎక్కువ ఇచ్చాడు, రెండున్నర శాతం. అది భరించదగ్గది. మార్చి 11న క్లోజ్ 69,000కి నాలుగున్నర శాతం పైన ఉంది. అక్కడ మొత్తం కొన్నవాడు 16న లైన్ కింద ముగిశాక 65,300లో బయటపడితే తొమ్మిది శాతానికి పైగా నష్టం. సగం మాత్రమే కొన్నవాడికి అది మొత్తం మీద నాలుగున్నరకి కాస్త పైన. క్లోజ్ లైన్‌కి మరీ దూరంగా జరిగిపోయిన రోజున నేను కొనను. వెనక్కి వస్తే చూస్తాను, రాకపోతే ఆ ట్రేడ్ నాది కాదు. మన దేశంలో దీనికి ఇంకో బరువు కూడా ఉంది. కాయిన్ లాభం మీద 30 శాతం పన్ను, ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకో కాయిన్ లాభంలోంచి తీసేసుకునే వీలు లేదు. స్టాక్ ట్రేడర్ నాలుగు మోసపు బ్రేకవుట్లలో పోగొట్టుకున్నది ఒక మంచి బ్రేకవుట్‌లో సర్దుకుంటాడు, పన్ను కూడా ఆ తేడా మీదే కడతాడు. నీకు ఆ వెసులుబాటు లేదు, అందుకే ట్రేడ్ల సంఖ్య తగ్గడమే నీకు లాభం.

వాల్యూమ్ ఎక్కడి నుంచి చదువుతున్నావన్నది కూడా సరిచూసుకో, కాయిన్లలో చాలామంది ఇక్కడ తప్పుతారు. స్టాక్‌కి ఒకటి రెండు ఎక్స్ఛేంజ్‌లు, బిట్‌కాయిన్‌కి పదుల కొద్దీ. రూపాయి జంట చార్టులో వాల్యూమ్ చాలా పలచన, 2022 జూలైలో ఒక శాతం టీడీఎస్ వచ్చాక మరీ. కొనేది రూపాయల్లో అయినా చదవడానికి బైనాన్స్ BTCUSDT స్పాట్, పక్కన కాయిన్‌బేస్ BTCUSD పెట్టుకో. రెండింటిలోనూ బార్ లేవాలి. ఫ్యూచర్స్ చార్టులో మాత్రమే లేచి స్పాట్‌లో మామూలుగా ఉంటే, అది షార్ట్‌ల స్టాప్‌లు పేలడమే అయ్యుండొచ్చు. అసలు కాయిన్లు కొని ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళు రాలేదని.

సగటుతో పోల్చేటప్పుడు ముగిసిన క్యాండిల్‌నే పోల్చు. పొద్దున పదిన్నరకి డైలీ బార్ ఐదు గంటల వయసుది, దాన్ని 24 గంటల సగటు పక్కన పెడితే ఎప్పుడూ పొట్టిగానే కనిపిస్తుంది. అలాగే కాయిన్ల లెక్కలో ఉన్న వాల్యూమ్ చూడు, డాలర్ల లెక్కలో వద్దు. ధర రెట్టింపయితే అవే కాయిన్లకి డాలర్ వాల్యూమ్ రెట్టింపవుతుంది, బలం పెరిగినట్టు భ్రమ. శని, ఆదివారాలు అమెరికా ఈటీఎఫ్‌లు నడవవు, సహజంగా వాల్యూమ్ తక్కువ. వారాంతపు బ్రేకవుట్ అయితే సోమవారం క్యాండిల్ ముగిసేదాకా ఆగుతాను. పైన చెప్పిన నవంబర్ 10 ఆదివారమే కదా అంటావేమో. నిజమే, కానీ అప్పటికి బ్రేకవుట్ అయిపోయి నాలుగు రోజులయ్యింది, అది దాని కొనసాగింపు.

సగటే చెడిపోయే సందర్భాలూ ఉంటాయి. బైనాన్స్ 2022 జూలైలో బిట్‌కాయిన్ స్పాట్ జంటలకి ఫీజు ఎత్తేసింది, 2023 మార్చి 22న చాలా జంటలకి మళ్ళీ పెట్టింది. ఫీజు లేని ఆ నెలల్లో వాల్యూమ్ ఊరికే ఉబ్బింది, ఫీజు రాగానే కుంగింది. ఆ మలుపుల దగ్గర 20 రోజుల సగటుతో పోలిస్తే బలం ఉన్నచోట లేనట్టు, లేనిచోట ఉన్నట్టు కనిపిస్తుంది. పాత చార్టుల మీద నీ పద్ధతిని పరీక్షించుకునేటప్పుడు ఆ కాలాన్ని కాయిన్‌బేస్ చార్టులో చూసుకో.

వాల్యూమ్ తక్కువగా ఉండి క్లోజ్ బాగున్న బ్రేకవుట్ల సంగతీ అడుగుతావు. వాటిని మోసమని తేల్చేయకు. కొన్నిసార్లు అమ్మేవాడే లేక ధర తేలిగ్గా దాటిపోతుంది. అయితే పైన అమ్మకందారులు ఉన్నారో లేరో ఇంకా పరీక్ష జరగలేదు. అలాంటప్పుడు నేను మొదటి సగం కూడా కొనను. ధర లైన్ దగ్గరికి వెనక్కి వచ్చి, అక్కడి నుంచి మళ్ళీ లేచేటప్పుడు వాల్యూమ్ పెరిగితే అప్పుడు.

ఇదంతా బిట్‌కాయిన్, ఈథర్, సోలానా లాంటి లోతున్న కాయిన్ల మాట. చిన్న కాయిన్లకి తీసుకెళ్ళకు. 2019 మార్చిలో బిట్‌వైజ్ అనే సంస్థ అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీకి ఇచ్చిన నివేదికలో, అప్పట్లో ప్రకటిస్తున్న బిట్‌కాయిన్ వాల్యూమ్‌లోనే 95 శాతం దాకా దొంగ లెక్క అని చెప్పింది. బిట్‌కాయిన్‌కే అలా ఉంటే, ఒకటి రెండు ఎక్స్ఛేంజ్‌ల్లో నడిచే కాయిన్‌కి వాళ్ళలో వాళ్ళే కొనుక్కుని అమ్ముకుని బార్ పెంచడం ఎంత పని? అక్కడ చూడాల్సింది ఆర్డర్ బుక్. ధరకి రెండు శాతం కిందిదాకా ఉన్న కొనుగోలు ఆర్డర్లు కలిపి ఎంత ఉన్నాయో కూడి చూడు. రోజు వాల్యూమ్ కోట్లలో చూపిస్తూ అక్కడ కొన్ని లక్షలే ఉంటే ఆ బార్‌ని లెక్కలోకి తీసుకోకు, ఆ చార్టులో క్లోజ్‌కీ విలువ లేదు, ఒక్కడే తలచుకుంటే 5:29కి ధరని లైన్ పైకి నెట్టగలడు.

సోలానాలో నువ్వు ఇరుక్కున్న ట్రేడ్లనే డైలీ, 4 గంటల చార్టుల్లో పెట్టి చూడు. నువ్వు కొన్న తేదీన క్యాండిల్ ఎక్కడ ముగిసిందో, అదే లైన్ దగ్గర ముందుసారి ఓడిన క్యాండిల్ వాల్యూమ్ ఎంతో పక్కపక్కన రాసుకో. ఒక నాలుగైదు అయ్యాక ఇక్కడే పెట్టు, ఏ లైన్ ఏ చార్టుదో కూడా చెప్పు, చూస్తాను.